పొలం గొడవలో పొలం మాట ఎంత తక్కువైతే అంత మంచిది

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. అన్నాచెల్లెళ్ల గొడవ దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. చెల్లెలు అంటుంది: "నాన్న చెమటోడ్చి నిలబెట్టిన భూమిని అమ్మడానికి నీకు మనసెలా ఒప్పింది? అందులో నాకూ వాటా ఉందని మర్చిపోయావా?" అన్న అంటాడు: "పదేళ్లుగా నష్టాలు నేనొక్కణ్ణే భరిస్తున్నాను. నువ్వు వెళ్లిపోయావు." ఇద్దరూ నిజమే చెప్పారు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఇది పెద్దమనుషుల ముందు చెప్పుకునే మాట. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు ఒకరికొకరు తెలిసిన సంగతులు వివరించుకోరు. వివరిస్తున్నారంటే పాఠకుడి కోసం మాట్లాడుతున్నారన్నమాట.

మా ఇంట్లో పొలం అమ్మినప్పుడు మా అక్క గంటసేపు పోట్లాడింది. దేని గురించో తెలుసా? గట్టు మీది చింతచెట్టు గురించి. ఆ ఏడాది చింతపండు తనకు పంపలేదని. పొలం అన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకప్పుడు నవ్వొచ్చింది. కథలు రాయడం మొదలుపెట్టాక గానీ ఆవిడ ఏం అడిగిందో అర్థం కాలేదు.

డైలాగు ముట్టుకోకముందు ఒక పని చెయ్యి. వేరే కాగితం మీద ఇద్దరికీ చెరొక వాక్యం రాయి. అది వాళ్లు నోరు తెరిచి అనలేని వాక్యమై ఉండాలి. నీ కథలో చెల్లెలికి నేనైతే ఇది రాస్తాను: "నాన్నకు బాగా లేదని నాకు ఎందుకు కబురు చెయ్యలేదు?" అన్నకు ఇది: "ఊళ్లో ఉండిపోతావా అని నన్నెవరూ అడగలేదు." ఈ రెండు వాక్యాలూ సీనులోకి రాకూడదు. వాటి బదులు ఇద్దరూ మాట్లాడుకోగలిగే వస్తువు ఒకటి కావాలి. నీ అన్న ఏటా చెల్లెలికి బియ్యం బస్తా పంపుతాడని రెండో పేజీలో రాసి వదిలేశావు. వస్తువు నీ చేతిలోనే ఉంది. పొలం పోతే ఆ బస్తా ఆగిపోతుంది. ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనరు.

సీను ఇలా మొదలుపెట్టి చూశాను. అన్న తెనాలి నుంచి విజయవాడలో చెల్లెలింటికి వచ్చాడు. ఆమె సంతకం చెయ్యాల్సిన కాగితం జేబులో ఉంది.

"ఈసారి కొత్తవి. ఎసట్లో నీళ్లు కాస్త తగ్గించు, ముద్దవుతాయి."
"పాతవి లేవా?"
"అన్నీ మిల్లుకి తోలేశా."
"అన్నీనా?"
"తినేవాళ్లు ఎవరున్నార్లే."
ఆమె బస్తా మూతి కుట్టు వేలితో లాగి చూసింది. "బేరం పెట్టావట."
"రోడ్డు పడుతోంది కదా. మా పక్క పొలాలన్నీ అయిపోయాయి."
"మీ పక్కవా."
"కాఫీ వద్దులే, బస్సుకు టైమైంది."
"పంచదార వెయ్యలేదులే, తాగు."

ఇందులో మూడు చోట్ల ఆగి చూడు. మొదటిది "పెట్టావట". మన భాషలో ఈ "అట" రెండక్షరాలే, కానీ "నువ్వు చెప్పలేదు, పరాయివాళ్లు చెబితే విన్నాను" అన్నదంతా మోస్తుంది. "నాకెందుకు చెప్పలేదు" అని రాసి ఉంటే, అతను జవాబు చెప్పాల్సి వచ్చేది. "అట" అంటే తప్పించుకోవచ్చు. తప్పించుకున్నాడు కూడా, చూడు, రోడ్డు సంగతి ఎత్తాడు.

రెండోది "మా". మనకు "మన", "మా" అని రెండున్నాయి. ఎదుటివాళ్లను కలుపుకుంటే మన, బయట ఉంచితే మా. అన్న కావాలని అనలేదు, ఊళ్లోవాళ్లతో రోజూ మాట్లాడే అలవాటులో "మా పక్క" అనేశాడు. చెల్లెలు దాన్ని వెనక్కి విసిరింది. వాటా గురించి నువ్వు రాసిన ఆరు లైన్ల పని ఆ ఒక్క మాట చేసేస్తుంది. అయితే సీనులో ఒక్కసారే వాడు. రెండోసారి వాడితే రచయిత కనిపిస్తాడు.

మూడోది కాఫీ. అతనికి షుగరని అతనెప్పుడూ ఆమెకు చెప్పలేదు, ఆమెకు తెలుసు. మొదట ఆ లైను తర్వాత "అది కూడా ఎవరో చెబితేనే తెలిసింది" అని రాశాను. బాగుందనిపించింది. మర్నాడు చదివి కొట్టేశాను. ఆ వాక్యం ఉంటే ఆమె నిష్ఠూరమాడినట్టు. లేకపోతే కాఫీ ఇస్తూనే దెబ్బ కొట్టినట్టు. ఇలాంటి సీనులో నీకు బాగా నచ్చిన లైను చాలాసార్లు వివరణే అయి ఉంటుంది, అనుమానించు.

ఇక పాఠకుడికి అసలు విషయం తెలియకపోతే ఇదంతా బియ్యం కబురైపోతుంది. ఎంత పొలం, ఎవరి పేరున ఉంది, సంతకం ఎందుకు కావాలి అన్నవి ఒక్కసారి తేటగా చెప్పాలి. ఆ పని అన్నాచెల్లెళ్లకు పెట్టకు. బ్రోకరు ఫోను చెయ్యనీ. "ఎకరం డెబ్బై సెంట్లండీ, చెల్లెలుగారి సంతకం లేకపోతే కొనేవాళ్ల లాయరు ఒప్పుకోడు" అని వాడు నిర్మొహమాటంగా అంటాడు, వాడికి దాచుకునేదేమీ లేదు. ఫోను పెట్టేశాక వచ్చే నిశ్శబ్దం నీకు ఉచితంగా దొరుకుతుంది.

చట్టం సంగతి కూడా సరిచూసుకో. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లో సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆ పెళ్లి తేదీ పేచీ పోయింది. నీ చెల్లెలి పెళ్లి 1983 అని రాశావు. అంటే ఇరవై ఏళ్లకు పైగా "నీకు పెళ్లిలో ఇచ్చేశారుగా" అన్న మాట ఆ ఇంట్లో చెల్లుబాటైంది. అన్న ఇప్పుడా మాట అనకూడదు. నాలుక చివరి దాకా రానిచ్చి, "నీ పెళ్లప్పుడు..." అని ఆగి, "ఆ ఏడు పంట బాగా పండింది" అని ముగించనీ.

ఎక్కడా అరుపులు ఉండకూడదని కాదు. మనవాళ్లు అరుస్తారు. కానీ వాళ్లు అరిచేది వేరేదాని మీద: బస్తా వరండాలో పెట్టాలా, వంటింట్లో పెట్టాలా అని అరవనీ.

రాశాక, కథ తెలియని ఒకరి చేత ఈ సీను మాత్రమే చదివించు. దేని గురించి పోట్లాడుతున్నారని అడుగు. బియ్యం అంటే నువ్వు మరీ దాచేశావు. పొలం అంటే సగం పని అయింది. "ఆ తండ్రి పోయినప్పుడు ఏదో జరిగింది కదా" అంటే ఇక చెయ్యి పెట్టకు.

చివర్లో సంతకం పెట్టించాలని నీకు తొందరగా ఉంది. నేనైతే కాగితం జేబులోంచి బయటికే తియ్యను. ఆమె గుమ్మం దాకా వచ్చి "పెన్ను ఉందా?" అంటుంది. అతను "బస్సు వెళ్లిపోతుంది" అంటాడు.

బస్తా వాడుకునేటట్టయితే కథను ఎండాకాలం నుంచి సంక్రాంతికి జరుపు. డెల్టాలో ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో. మే నెలకు ఆ బియ్యం అంత కొత్తవి కావు, నీళ్లు తగ్గించమన్న మాట తెనాలి వాళ్లెవరూ నమ్మరు.

మీ బాబాయ్