అడ్జస్టెడ్ ఎబిట్డా: తీసేసిన ఖర్చులు చూడండి

“ఒక కంపెనీకి నికర నష్టం ఉంది, కానీ అడ్జస్టెడ్ ఎబిట్డా లాభంలో ఉందంటున్నారు. ఏది నమ్మాలి?”

ఎబిట్డా అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభం. కంపెనీ తనకు నచ్చిన మరికొన్ని ఖర్చులూ పక్కన పెడితే అది ‘అడ్జస్టెడ్’ ఎబిట్డా. ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ 2017 లెక్కలే చూడండి. నికర నష్టం దాదాపు 93 కోట్ల డాలర్లు. 2018లో బాండ్లు అమ్మేటప్పుడు మాత్రం అదే ఏడాదికి ‘కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిట్డా’ పేరుతో సుమారు 23 కోట్ల డాలర్ల లాభం చూపించారు. వడ్డీ, పన్ను, తరుగుదలతో ఆగలేదు. మార్కెటింగ్, పరిపాలన, డిజైన్ ఖర్చులూ పక్కన పెట్టేశారు. ఎప్పుడూ కొత్త ఆఫీసులు తెరిచే కంపెనీకి అవి ఏటా తప్పని ఖర్చులే కదా!

మీరు చూస్తున్న కంపెనీ విషయంలో, నికర ఫలితం నుంచి అడ్జస్టెడ్ ఎబిట్డా దాకా ఎలా వచ్చారో చూపే పట్టిక తెరవండి. ‘ఒక్కసారి ఖర్చు’ అన్నది గత మూడేళ్లలోనూ కనిపిస్తే, దాన్ని మామూలు ఖర్చుగానే లెక్కేయండి. ఉద్యోగులకిచ్చిన షేర్ల ఖర్చూ అంతే. తర్వాత క్యాష్ ఫ్లోతో పోల్చండి. అసలు పట్టికే ఇవ్వకపోతే, నేనైతే ఆ అంకెను పట్టించుకోను.