ఫొటోలో వచ్చిన డ్రాయింగు: ముందు కింది మూల చూడండి

*మాది అనంతపురంలో లేత్ షాపు సార్. పార్టీ ఒక బ్రాకెట్ డ్రాయింగు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపినారు. అంకెలు మసకగా ఉన్నాయి. మూడు బొమ్మల్లో ఏది ఏ వైపుదో తెలీడం లేదు. Ø25 H7 అని ఉంది, పక్కన ప్లస్ మైనస్ ఏమీ లేదు. స్క్రీన్ మీదే కొలిచి చేసేయొచ్చా?*

స్క్రీన్ మీద మాత్రం కొలవొద్దు. ఫొటో కాస్త వంకరగా తీసినా నిష్పత్తి మారిపోతుంది. రాసి ఉన్న అంకే కొలత. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది కాబట్టి దశాంశ చుక్కలే ముందు మాయమవుతాయి. ఆ ఫైలునే ‘డాక్యుమెంట్’గా మళ్లీ పంపమనండి.

అది వచ్చేలోగా కుడివైపు కింది మూలలో ఉండే టైటిల్ బ్లాక్ చదవండి. మెటీరియల్, యూనిట్లు, రివిజన్ నంబరు అక్కడే ఉంటాయి. పక్కనే చిన్న శంకువు ముక్క, రెండు వలయాలు గీసిన గుర్తు ఉంటుంది. శంకువు వెడల్పు వైపు వలయాల దిక్కుకు ఉంటే ఫస్ట్ యాంగిల్, సన్న వైపు ఉంటే థర్డ్ యాంగిల్. మన దేశపు ప్రమాణం ఫస్ట్ యాంగిల్, అమెరికా డ్రాయింగులు థర్డ్ యాంగిల్. ఫస్ట్ యాంగిల్‌లో ఎడమ నుంచి చూసిన బొమ్మను ముందు బొమ్మకు కుడివైపు వేస్తారు, పైనుంచి చూసింది కిందకు వస్తుంది. థర్డ్ యాంగిల్‌లో ఎడమది ఎడమకే, పైది పైకే. కుడి బొమ్మలో నిండు గీతలతో గాడి కనిపిస్తే, ఫస్ట్ యాంగిల్‌లో అది బ్రాకెట్ ఎడమ ముఖం మీద ఉన్నట్టు. గుర్తు చూడకుండా చేస్తే బ్రాకెట్ అద్దంలో బొమ్మలా తిరగబడి, బిగించే చోట కూర్చోదు.

మసక అంకెలను కూడికతో పట్టుకోవచ్చు. మొత్తం పొడవు 118, ఒక చివర 35, మరో చివర 45 స్పష్టంగా ఉండి, మధ్యది 36ఓ 38ఓ తెలియలేదనుకోండి. 118లోంచి 80 తీస్తే 38. లెక్క కుదరకపోతే మిగతా అంకెల్లోనే ఏదో తప్పు చదివారన్నమాట. అప్పుడు పార్టీకి ఫోన్ చేయాల్సిందే. ఫొటోలోంచి అక్షరాలు కాపీ చేసే సౌకర్యాన్నీ నమ్మొద్దు, అది Ø25ను 025గా చదివేయగలదు.

టాలరెన్సు రాయని కొలతలకు టైటిల్ బ్లాక్‌లో ISO 2768-m అని ఉందేమో వెతకండి. ఉంటే ఆ 38కి ప్లస్ లేదా మైనస్ 0.3 మిల్లీమీటర్లు. ఏ ప్రమాణమూ రాయకపోతే అడిగి రాయించుకోండి.

Ø25 H7కు మాత్రం ఆ 0.3 వర్తించదు. H7 అన్నదే దాని టాలరెన్సు. బోరు 25.000 కంటే తగ్గకూడదు, 25.021 దాటకూడదు. 0.02 మాత్రమే చదవగల వెర్నియర్‌తో ఇది తేల్చలేరు. బోర్ గేజ్ గానీ, ఆ కొలత గో–నోగో ప్లగ్ గేజ్ గానీ తెచ్చుకోండి. గో చివర సాఫీగా దిగాలి, నోగో చివర దిగకూడదు.