స్ట్రక్చరల్ డ్రాయింగులతో కార్పొరేషన్‌కు పెట్టే కవరింగ్ లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: అనంతపురంలో మా స్థలంలో స్టిల్ట్ మీద మూడు అంతస్తులు వేద్దామనుకుంటున్నాం. ఇంజనీరు గారు స్ట్రక్చరల్ డ్రాయింగులు ఇచ్చేశారు, కవరింగ్ లెటర్ మాత్రం మమ్మల్నే రాసుకోమన్నారు. ఏమేం జతచేయాలి, డిక్లరేషన్లలో ఏం రాయాలి? ఎవరి దగ్గరైనా నమూనా ఉందా?

జవాబు:

నేను కర్నూలులో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇలాంటి లేఖలు చాలానే రాశాను, ఇతరులు రాసుకొచ్చినవి అంతకంటే ఎక్కువ సరిదిద్దాను. తేదీ, విషయం, ఫైలు నంబరు, సంతకం ఎవరైనా సరిగానే రాస్తారు కాబట్టి వాటి గురించి చెప్పను. ఫైలు ఆగేది రెండు చోట్ల: జతపరిచిన పత్రాల జాబితాలో, ధ్రువీకరణ వాక్యాల్లో.

ముందు జాబితా సంగతి. చాలామంది ‘స్ట్రక్చరల్ డ్రాయింగులు, ఒక సెట్టు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒకప్పుడు నేనూ అలాగే రాసి చేతులు కాల్చుకున్నాను. కల్లూరు వైపు స్టిల్ట్ మీద నాలుగు అంతస్తుల భవనం అది. యజమాని తొందర మీద ఉండటంతో, నేల పరీక్ష నివేదిక రాకముందే, చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తుందనీ పునాది లోతు మీటరున్నర చాలనీ అనుకొని మొదటి డ్రాయింగులు గీశాను. తర్వాత వచ్చిన నివేదికలో 1.6 మీటర్ల వరకు నల్లరేగడి ఉందనీ, దాని కింద గరుసు తగిలిందనీ, పునాదిని 1.8 మీటర్ల లోతున పెట్టి 18 టన్నులకు మించకుండా భారం వేయాలనీ ఉంది. పరీక్ష కోసం తవ్విన గుంతలోకి టేపు దించి నేనే చూశాను. మీటరున్నర గుర్తు దగ్గర గోడ ఇంకా నల్లగా, వేలు దూరేంత పగుళ్లతో ఉంది. గరుసు ఎర్రదనం దానికి జానెడు లోపలే మొదలవుతోంది, అంతే. కానీ ఆ జానెడు తేడాతోనే పునాది, వానకు ఉబ్బి ఎండకు కుంగే మట్టిలో కూర్చుంటుంది.

డ్రాయింగు సవరించాను. మధ్య స్తంభం ఒకదాన్ని తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది. స్తంభం నుంచి దిగే భారం 90 టన్నులు, ఫుటింగు సొంత బరువు కింద పది శాతం కలిపితే 99 టన్నులు. 20 టన్నుల చొప్పున చూస్తే 4.95 చదరపు మీటర్లు చాలు, అందుకే మొదట 2.25 మీటర్ల చదరం ఇచ్చాను. 18 టన్నుల చొప్పున 5.5 చదరపు మీటర్లు కావాలి, కాబట్టి 2.35 మీటర్ల చదరం అవసరమైంది. పాత కొలతే ఉంచితే నేల మీద చదరపు మీటరుకు దాదాపు 19.6 టన్నులు పడుతుంది, అంటే నివేదిక అనుమతించిన దానికంటే ఎక్కువ. కాగితం మీద పది సెంటీమీటర్ల తేడా కాబట్టి రెండు షీట్లూ చూపుకు ఒకేలా ఉంటాయి.

మా ఆఫీసులో పీడీఎఫ్‌లు కలిపేటప్పుడు కొత్త ఫుటింగు షీటుకు బదులు పాతది చేరిపోయింది. నేల నివేదిక మాత్రం కొత్తదే వెళ్లింది. లేఖలో ‘ఒక సెట్టు’ అని మాత్రమే ఉంది కాబట్టి, అందులో ఏ రివిజన్ ఉండాలో లేఖ చదివిన వారికి తెలిసే మార్గమే లేదు, తయారుచేసిన మాకూ సరిచూసుకునే ఆధారం లేదు. పునాది లోతు నివేదికతో సరిపోవడం లేదని, సరిచేసి పంపమని కార్పొరేషన్ నుంచి షార్ట్‌ఫాల్ నోటీసు వచ్చింది. వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోయి ఉంటే ముద్రపడిన ఆ పాత షీటే మేస్త్రి చేతికి వెళ్లేది.

అప్పటి నుంచి జాబితాలో ప్రతి షీటుకూ నంబరు, పేరు, రివిజన్, తేదీ రాస్తున్నాను. రాసేటప్పుడు కంప్యూటరులోని పేరు చూసి కాదు, అప్‌లోడ్ చేయబోయే పీడీఎఫ్ తెరిచి, షీటు కింద కుడి మూలనున్న గడిలోని అంకెలు చూసి రాయాలి. తప్పు షీటు చేరితే ఆ క్షణంలోనే బయటపడుతుంది. ఇంకొక్కటి: ఈ స్ట్రక్చరల్ డ్రాయింగులు ఏ ఆర్కిటెక్చరల్ ప్లాన్ ఆధారంగా గీసినవో దాని రివిజన్, తేదీ కూడా లేఖలో ఉండాలి. పార్కింగులో కారు తిరగడానికి చోటు చాలక, ప్లాన్ గీసే లైసెన్సుదారు ఎల్‌టీపీ గారు చివర్లో ఒక స్తంభాన్ని అడుగు పక్కకు జరపడం మామూలే. ఆ మార్పు స్ట్రక్చరల్ ఇంజనీరు దాకా చేరిందో లేదో చెప్పేది ఆ ఒక్క వాక్యమే.

ఇక ధ్రువీకరణలు. ఇక్కడ అసలు తప్పు, ఎవరు చెప్పాల్సిన మాట మరొకరు చెప్పడం. లేఖ మీ పేరున వెళుతుంది కాబట్టి మీరు చెప్పగలిగినవి మూడే: స్థలం మీది, ఆమోదించిన డ్రాయింగుల ప్రకారమే కడతారు, ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే స్తంభాన్నీ దూలాన్నీ మార్చరు. ‘ఐఎస్ కోడ్‌ల ప్రకారం డిజైన్ చేయబడినది’ అనే మాట మీరు రాయకూడదు, అది ఇంజనీరు తన సంతకంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఉండాలి. మీ లేఖ దాన్ని జతపరిచినట్టు చెబితే చాలు.

ఇంజనీరు ఇచ్చే పత్రాన్ని కూడా ఒకసారి చదవండి, ఎందుకంటే అవి తరచుగా వేరే ఊరి ఫైలు నుంచి దించుకున్నవే అయి ఉంటాయి. ఒకసారి విజయవాడ ఫైలు నుంచి తెచ్చిన పత్రం నా ముందుకు వచ్చింది. అందులో భవనం భూకంప జోన్ 3లో ఉందనీ, ఐఎస్ 13920 ప్రకారం డక్టైల్ డిటైలింగ్, అంటే భూకంపంలో భవనం ఒక్కసారిగా విరగకుండా ఉక్కు అమర్చడం, చేశామనీ ఉంది. భవనమేమో కర్నూలులో ఉంది. ఐఎస్ 1893, 2016 ప్రచురణ ప్రకారం కర్నూలు జోన్ 2 కిందికి వస్తుంది. ఆ జోన్‌లో భూకంప బలాలను లెక్కలోకి తీసుకోవాలి గానీ, 13920 పాటించడం 2016 ప్రచురణ ప్రకారం ఐచ్ఛికం. పాటిస్తే మంచిదే, స్టిల్ట్ భవనాలకు నేను పాటిస్తాను. కానీ పాటించామని రాసిచ్చి, డ్రాయింగులో స్తంభాల రింగుల కొక్కేలు 135 డిగ్రీలకు బదులు 90 డిగ్రీలు వంచినట్టు చూపిస్తే, పత్రమూ డ్రాయింగూ ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. అనవసరంగా ఎక్కువ చెప్పిన ధ్రువీకరణ, తక్కువ చెప్పినదానికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మీ ఇంజనీరు గారు ఏ జోన్ తీసుకున్నారో, 13920 పాటించారో లేదో అడిగి, ఆయన చెప్పినదే పత్రంలోనూ జనరల్ నోట్స్ షీటులోనూ ఉందో లేదో చూసుకోండి.

అలాగే ‘నిర్మాణాన్ని పర్యవేక్షిస్తాను’ అనే మాట. డిజైన్‌కు మాత్రమే రుసుము తీసుకున్న ఇంజనీరు చేత ఆ వాక్యం మీద సంతకం పెట్టించవద్దు. పర్యవేక్షణ ఎవరిదో ముందే తేల్చుకొని, వారి చేత వేరే పత్రం ఇప్పించండి. భవిష్యత్తులో ఇంకో అంతస్తు వేసుకునేలా పునాది డిజైన్ చేయించి ఉంటే దాన్ని దాచకుండా రాయండి, అయితే ప్రస్తుతం అనుమతి కోరుతున్నది ఎన్ని అంతస్తులకో వెంటనే చెప్పండి. లేకపోతే దరఖాస్తులో మూడు అంతస్తులు, పునాది లెక్కల్లో నాలుగు కనిపించి, సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

నేను వాడే నమూనా కింద ఇస్తున్నాను. చుక్కలున్న చోట మీ వివరాలు రాసుకోండి.

తేదీ: ……

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
(టౌన్ ప్లానింగ్ విభాగం దృష్టికి)
నగరపాలక సంస్థ, అనంతపురం.

విషయం: …… వార్డు, సర్వే నం. ……లోని స్థలంలో స్టిల్ట్ మరియు మూడు అంతస్తుల నివాస భవన నిర్మాణ అనుమతి కొరకు స్ట్రక్చరల్ డ్రాయింగులు సమర్పించుట గురించి.

సూచిక: దరఖాస్తు ఫైలు నం. ……, తేదీ ……

అయ్యా,

పై సూచికలోని దరఖాస్తుకు సంబంధించి, …… తేదీ గల ఆర్కిటెక్చరల్ ప్లాన్, రివిజన్ …… ఆధారంగా తయారుచేయించిన స్ట్రక్చరల్ డ్రాయింగులను, దిగువ పత్రాలను పరిశీలన నిమిత్తం సమర్పిస్తున్నాను.

జతపరిచినవి:
1. ఎస్‌టీ-01, జనరల్ నోట్స్, రివిజన్ ……, తేదీ ……
2. ఎస్‌టీ-02, స్తంభాల, పునాదుల ప్లాన్, రివిజన్ ……, తేదీ ……
3. ఎస్‌టీ-03, ఫుటింగుల, స్తంభాల వివరాలు, రివిజన్ ……, తేదీ ……
4. ఎస్‌టీ-04 నుంచి ఎస్‌టీ-…… వరకు, దూలాలు, స్లాబులు, మెట్లు (ఒక్కొక్కదానికి రివిజన్, తేదీ విడిగా)
5. నేల పరీక్ష నివేదిక, నం. ……, తేదీ ……, …… పేజీలు
6. డిజైన్ లెక్కల సారాంశం, …… పేజీలు
7. స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం, తేదీ ……

నేను ధ్రువీకరించునది: పై స్థలానికి నేను హక్కుదారుడను. ఆమోదం పొందిన డ్రాయింగుల ప్రకారమే నిర్మాణం చేయిస్తాను. స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వక సమ్మతి, అవసరమైన చోట తమ అనుమతి లేకుండా స్తంభాలు, దూలాలు, పునాదుల్లో మార్పులు చేయను. ప్రస్తుత దరఖాస్తు స్టిల్ట్ మరియు మూడు అంతస్తులకు మాత్రమే.

ఇట్లు,
(యజమాని సంతకం, పేరు, చిరునామా)

భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ డీపీఎంఎస్‌లో అప్‌లోడ్ చేసేది ఎల్‌టీపీ గారే కాబట్టి, మీ దరఖాస్తుకు అక్కడ చూపించే పత్రాల పట్టికను ఆయన దగ్గర తీసుకొని, పై జాబితాకు ఇంకేమైనా చేర్చాలేమో సరిచూసుకోండి. జాబితాలో ఏ వరుసలో రాశారో పీడీఎఫ్‌లోనూ అదే వరుసలో పేజీలు ఉంచండి. షార్ట్‌ఫాల్ వచ్చి ఒక్క షీటు మార్చాల్సి వచ్చినా, పాత లేఖనే మళ్లీ పెట్టవద్దు. కొత్త తేదీతో, మారిన షీటు కొత్త రివిజన్ రాసి, ‘…… తేదీన సమర్పించిన ఎస్‌టీ-03, రివిజన్ 0 స్థానంలో’ అని చేర్చి కొత్త లేఖ పెట్టండి. ఫుటింగు కొలత మారితే డిజైన్ సారాంశంలోనూ ఆ పేజీ మారుతుంది, దాన్ని కూడా జతచేయడం మరచిపోవద్దు.