డెమో క్లాసులో తప్పు జవాబు వస్తే

మాది ప్రొద్దుటూరు. బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. పెళ్లి, పాపతో ఆరేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. వచ్చే సోమవారం ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి ఫ్రాక్షన్ల మీద పదిహేను నిమిషాల డెమో ఇమ్మన్నారు. ఇంగ్లిష్ తడబడుతుందని భయం. మా ఆయనేమో ‘ఇన్నేళ్ల తర్వాత నీకెవరిస్తారు’ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.

మీ ఆయనతో ఇప్పుడు వాదన పెట్టుకోకండి. సోమవారం దాకా రోజూ ఓ అరగంట పాపను చూసుకోమని మాత్రం అడగండి. ఆ అరగంట తలుపు వేసుకుని, నిలబడి, గొంతెత్తి పాఠం చెప్పి చూసుకోవాలి. మనసులో చదువుకుంటే టైము తెలియదు.

ఫ్రాక్షన్లన్నీ చెప్పబోతే డెఫినిషన్లు రాసేసరికే బెల్లు కొడతారు. ఒక్క లెక్క చాలు: 1/2 + 1/3. లెసన్ ప్లాన్ ఒక పేజీ దాటనివ్వకండి. పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలి, వాళ్లకు ముందే ఏం తెలిసుండాలి (ఇక్కడ ఈక్వివలెంట్ ఫ్రాక్షన్లు), ఏ సామగ్రి వాడతారు, చివర ఏ లెక్క ఇస్తారు, దేనికెన్ని నిమిషాలు అన్నవి ఉంటే సరిపోతుంది. సామగ్రి అంటే 60 సెంటీమీటర్ల చార్టు పట్టీ ఒకటి.

లెక్క బోర్డు మీద వేయగానే ఎవరో ఒకరు 2/5 అంటారు. పిల్లల బదులు టీచర్లే బెంచీల్లో కూర్చుంటే, కావాలనే అంటారు. ‘రాంగ్’ అని చెరిపేస్తే మంచి అవకాశం పోయినట్టే. దాన్ని బోర్డు మీదే ఉంచి, ఎలా వచ్చిందో అడగండి. పైవి పైన, కిందివి కింద కలిపానంటారు. అప్పుడు పట్టీ తీయండి. సగం అంటే 30 సెంటీమీటర్లు, 2/5 అంటే 24. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా? ఆ ప్రశ్న వేసి కాసేపు ఊరుకోండి. తర్వాత పట్టీని ఆరు మడతలు చేస్తే సగంలో మూడు, మూడో వంతులో రెండు, మొత్తం 5/6. ఎల్‌సీఎం పద్ధతి దీని తర్వాతే.

చివర ‘అర్థమైందా’ అంటే అందరూ అయిందనే అంటారు. 1/2 + 1/5 ఇచ్చి నోటుబుక్కులు చూడండి. 7/10 బదులు 2/7 వేసినవాళ్లకు ఇంకా పట్టీ కావాలి.

ఇంగ్లిష్‌కు భయపడకండి, ఈ పాఠానికి పది పన్నెండు వాక్యాలు మించవు. ముందే రాసుకుని పలకండి.

ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి తప్పకుండా అడుగుతారు. ‘పాప కోసం ఆగాను, ఇప్పుడు తనను చూసుకోవడానికి ఫలానా ఏర్పాటు ఉంది’ అని రెండు ముక్కల్లో చెప్పండి. ఆ ఏర్పాటేమిటో మీ ఆయనతో ఈ వారమే తేల్చుకోవాలి. హోంవర్క్ చేయని పిల్లాణ్ణి ఏం చేస్తారంటే కొడతానని నోరు జారకండి, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. జీతం పన్నెండు నెలలకా, వేసవి సెలవులకు కోతా అని మీరూ అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. స్కూల్లో ఉంచమంటే జిరాక్సులు ఇస్తానని చెప్పండి.