పత్తి ఆకు మాడింది, రేకులు తుప్పు పట్టాయి: ఎరువుల ఫ్యాక్టరీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నమస్తే సార్. మా చేనికి కిలోమీటరున్నర దూరంలో ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, అందులోనే సల్ఫ్యూరిక్ యాసిడ్ కూడా తయారు చేస్తారు. సెప్టెంబర్ 14న తెల్లవారుజామున తుంపర పడింది, ఘాటు వాసన వచ్చింది, గొంతు మండింది. రెండు రోజుల్లో మూడెకరాల పత్తి ఆకులు తెల్లబడి మాడిపోయాయి. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు వచ్చే చోట ఐదే వచ్చాయి. ఇంటి రేకులు రెండేళ్లకే తుప్పు పట్టాయి, ఎర్ర నేల పీహెచ్ 5.4 అని రిపోర్టు వచ్చింది. అందరూ ఆమ్ల వర్షం అంటున్నారు. ఫ్యాక్టరీ వాళ్లు మాకు పొల్యూషన్ బోర్డు అనుమతి ఉంది పొమ్మంటున్నారు. ఎక్కడ కేసు వేయాలి, గెలుస్తామా?

జవాబు: కేసు నిలుస్తుంది. కాకపోతే పిటిషన్‌లో 'ఆమ్ల వర్షం వల్ల నష్టపోయాము' అని మాత్రం రాయకండి. ఇలాంటి కేసులు చాలావరకు ఆ ఒక్క మాట దగ్గరే బలహీనపడతాయి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సైన్స్ అర్థమైతేనే ఏ సాక్ష్యం సేకరించాలో మీకు తెలుస్తుంది.

మామూలు వాన నీళ్లు కూడా కొద్దిగా పుల్లనివే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల వాటి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. అంతకంటే తగ్గితే ఆమ్ల వర్షం అంటారు. బొగ్గు, గంధకం కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, లారీల నుంచీ బాయిలర్ల నుంచీ వచ్చే నత్రజని ఆక్సైడ్లు గాలిలో ఆక్సిజన్‌తో, తేమతో కలిసి సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలుగా మారతాయి. అయితే సల్ఫర్ డయాక్సైడ్ ఈ మార్పుకు టైం తీసుకుంటుంది. మబ్బు చుక్కల్లోకి చేరితే త్వరగానే మారుతుంది గానీ పొడి గాలిలో గంటకు నూటికి ఒకటో రెండో పాళ్లు మారుతుందంతే. గంటకు పది కిలోమీటర్ల గాలి వీచినా పొగ మీ చేను దాటడానికి తొమ్మిది నిమిషాలు చాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఎంత మారుతుంది? దాదాపు ఏమీ మారదు. అసలైన ఆమ్ల వర్షం పదుల, వందల కిలోమీటర్ల అవతల, ఎన్నో పొగగొట్టాల పొగ కలిసిపోయాక పడుతుంది. మీరు ఆ మాట వాడారంటే అవతలి లాయర్ నిలబడి 'ఇది మా గొట్టానిదే అని ఎలా చెబుతారు, జిల్లాలో థర్మల్ ప్లాంటు ఉంది, హైవే ఉంది' అంటాడు. సైన్స్ ప్రకారం అతని మాట తప్పు కాదు.

మీకు జరిగింది వేరు. గ్యాస్ నేరుగా తడి ఆకు మీద పడింది. తడి ఆకు మీద సల్ఫర్ డయాక్సైడ్ అక్కడికక్కడే కరిగి ఆమ్లం అవుతుంది, ఆకు రంధ్రాల్లోంచి లోపలికీ పోతుంది. పైగా సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటు గొట్టం నుంచి గ్యాస్ ఒక్కటే కాదు, సన్నటి యాసిడ్ తుంపర కూడా రావచ్చు, దానికి గాలిలో మారాల్సిన పనే లేదు. కాబట్టి పిటిషన్‌లో 'సల్ఫర్ డయాక్సైడ్ వాయువు, ఆమ్ల తుంపర నేరుగా పడడం వల్ల' అని రాయండి. అప్పుడు ఆ కిలోమీటరున్నర దూరమే మీకు బలం అవుతుంది.

ఇక అసలు సాక్ష్యం ఫ్యాక్టరీ లోపలే ఉంది. గంధకాన్ని కాల్చి సల్ఫర్ డయాక్సైడ్ చేస్తారు, దాన్ని వెనేడియం ఉత్ప్రేరకం ఉన్న పొరల మీదుగా పంపి సల్ఫర్ ట్రయాక్సైడ్‌గా మారుస్తారు, దాన్నుంచి యాసిడ్ వస్తుంది. ఆ పొరలు నాలుగు వందల డిగ్రీలు దాటి వేడెక్కితేనే సరిగ్గా పని చేస్తాయి. ప్లాంటు ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు అవి చల్లగా ఉంటాయి, మారని గ్యాస్ గొట్టంలోంచి బయటికి పోతుంది. సాధారణ రోజుల్లో ఏ వాసనా లేకుండా ఉండి, ఒక్క తెల్లవారుజామునే గొంతు మండిందంటే నా మొదటి అనుమానం ప్లాంటు స్టార్టప్ మీదే. ఆ వేళ గాలి కూడా కదలదు, పొగ పైకి లేవక కిందే పేరుకుంటుంది. ఎరువుల పరిశ్రమలు గొట్టం దగ్గర ఆన్‌లైన్ మీటర్ పెట్టి, ఆ రీడింగులు బోర్డుకు పంపాలి. ఈ వారంలోనే పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సెప్టెంబర్ 12 నుంచి 16 వరకు ఆ గొట్టం సల్ఫర్ డయాక్సైడ్ రీడింగులు (పదిహేను నిమిషాల లెక్కన ఉంటే అవి), ఆ రోజుల్లో ప్లాంటు ఆపడం, మొదలుపెట్టడం గురించి ఫ్యాక్టరీ ఇచ్చిన సమాచారం, అనుమతి పత్రం కాపీ అడగండి. రోజు సగటు ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి, రెండు గంటల పొగ ఇరవై నాలుగు గంటల సగటులో కనిపించకుండా పోతుంది. మీటర్ ఆ టైంలో 'మెయింటెనెన్స్'లో ఉందని రాసి ఉన్నా బాధపడకండి, అది కూడా మీకు పనికొచ్చే కాగితమే.

ఇప్పుడు చేను దగ్గరికి వద్దాం. మాడిన ఆకును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూడండి. గ్యాస్ దెబ్బ అయితే ఆకులో ఈనెకూ ఈనెకూ మధ్య భాగం తెల్లగా, గోధుమ రంగుగా మాడుతుంది, ఈనెలు మాత్రం పచ్చగానే మిగులుతాయి. అంచులూ కొసలూ మాత్రమే మాడి ఉంటే ఫ్లోరైడ్ కావచ్చు. ఫాస్ఫేట్ ఎరువులు చేసే చోట అదీ వస్తుంది, కాబట్టి ఆకులు ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు గంధకంతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమనండి. ఏది తేలినా గొట్టం ఆ ఫ్యాక్టరీదే. ఇంకొకటి, తెగులైతే పత్తికి వచ్చింది పక్కన గట్టు మీది కలుపు మొక్కకూ, కందికీ, మునగకూ ఒకే రోజు రాదు. గ్యాస్ మాత్రం ఫ్యాక్టరీ వైపున్న ఆకులన్నిటినీ ఒకేసారి కాలుస్తుంది. గట్టు మీది కలుపు మొక్కల ఫొటోలు తీసుకున్నారా? నా లెక్కలో పత్తి ఫొటోల కన్నా అవే విలువైనవి. ఫోన్‌లోని అసలు ఫైళ్లు ఉంచండి, తేదీ, టైం వాటిలో ఉంటాయి. మండల వ్యవసాయ అధికారితో పరిశీలన నివేదిక, ఇద్దరు సాక్షులతో పంచనామా రాయించుకోండి. ఫ్యాక్టరీకి అవతలి దిక్కున అదే విత్తనం వేసిన రైతు దిగుబడి కూడా అందులో రాయించండి.

నేల సంగతి కాస్త జాగ్రత్త. 5.4 పీహెచ్ చూపించి ఇది ఫ్యాక్టరీ వల్లే అంటే, ఏళ్ల తరబడి వేసిన యూరియా కూడా నేలను పుల్లబరుస్తుందని వాళ్లు ఎదురు చెబుతారు, అది నిజమే. నల్లరేగడిలో సున్నం ఉండి ఆమ్లాన్ని తట్టుకుంటుంది, మీ ఎర్ర నేలకు ఆ శక్తి తక్కువ. ఆమ్లం దిగినప్పుడు మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం నీళ్లతో కొట్టుకుపోతాయి, పీహెచ్ ఇంకా తగ్గితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేర్ల కొసలను పాడు చేస్తుంది, అప్పుడు ఎరువు వేసినా మొక్క తీసుకోదు. ఇది ఒక్క రాత్రి పొగతో జరిగే పని కాదు, ఏళ్ల మీద జరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీ నుంచి అర కిలోమీటరు, కిలోమీటరున్నర, మూడు, ఐదు కిలోమీటర్ల దూరాల్లో ఒకే రకం నేల నుంచి, వీలైతే యూరియా వేయని బంజరు నుంచి, నమూనాలు తీయించండి. 'వి' ఆకారంలో గుంత తీసి, ఆరు అంగుళాల లోతు వరకు పక్క గోడను చెక్కి, చేనంతా ఏడెనిమిది చోట్ల మట్టి కలిపి అర కిలో పంపాలి. పీహెచ్, సల్ఫేట్ రెండూ అడగండి. దూరం పెరిగే కొద్దీ సల్ఫేట్ తగ్గుతూ, పీహెచ్ పెరుగుతూ పోతే అప్పుడది యూరియా పని కాదని తేలుతుంది. అలా తేలకపోతే నేల క్లెయిమ్ వదిలేయడమే మంచిది, బలహీనమైనది ఒకటి పెడితే బలమైనవి కూడా పలచబడతాయి.

ఇల్లు విషయంలో, నాపరాయి బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడడం మనందరి ఇళ్లలో చూసిందే. రాయిలో ఉన్నది కాల్షియం కార్బనేట్, ఆమ్లం తగిలితే కరుగుతుంది. సున్నం గోడల మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే అది జిప్సంగా మారి పొరలు పొరలుగా రాలుతుంది. తాజ్‌మహల్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 30న ఇచ్చిన తీర్పులో పాలరాతిని ఈ ఆమ్లం తినేస్తుందని రాసి, ఆగ్రా ప్రాంతంలోని 292 పరిశ్రమలను బొగ్గు మానేసి గ్యాస్‌కు మారమని, లేదంటే అక్కడి నుంచి తరలిపోమని చెప్పింది. మీ రేకుల మీద ముందు జింకు పూత కరుగుతుంది, తర్వాతే ఇనుము తుప్పు. కొన్న బిల్లు వెతకండి, ఫ్యాక్టరీ వైపు వాలుకూ అవతలి వాలుకూ తేడా ఫొటో తీయండి. మీకు సముద్రం దగ్గరైతే ఉప్పు గాలి అనే వాదన వస్తుంది, కాబట్టి తుప్పు పొడి కూడా ల్యాబ్‌కు ఇచ్చి సల్ఫేటా, క్లోరైడా చూపించండి.

కేసు వేయాల్సింది సివిల్ కోర్టులో కాదు, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచిలో. 2010 చట్టం సెక్షన్ 29 ఇలాంటి నష్టపరిహారం దావాలను సివిల్ కోర్టు తీసుకోకుండా అడ్డుకుంటుంది. సెక్షన్ 15 కింద పరిహారం అడగాలి, గడువు ఐదేళ్లు. పొగ ఆపించమని, బోర్డు చర్య తీసుకోవాలని సెక్షన్ 14 కింద కూడా అడగాలనుకుంటే గడువు ఆరు నెలలే, అంటే మార్చి 14 లోపు. ఆ తర్వాత అరవై రోజుల మినహాయింపు ఉంది కానీ కారణం చూపాలి, దాని మీద ఆధారపడకండి. చట్టం రెండో షెడ్యూల్‌లో పంటలు, ప్రైవేటు ఆస్తి, నేల కాలుష్యం వేర్వేరు పద్దులుగా ఉన్నాయి, మీరూ విడివిడిగానే లెక్క రాయండి. పత్తికి ఎకరాకు మూడు క్వింటాళ్ల చొప్పున మొత్తం తొమ్మిది క్వింటాళ్లు పోయాయి. మీ తక్‌పట్టీలో ధర క్వింటాలుకు ఏడు వేల ఐదు వందలు ఉందనుకుంటే 67,500 రూపాయలు. గత రెండేళ్ల తక్‌పట్టీలు కూడా జత చేయండి, ఎనిమిది క్వింటాళ్లు అనే మాటకు రుజువు అవే. ఫీజు అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం వెయ్యి. కౌలు చేను అయినా పంట వేసిన మనిషిగా మీ నష్టం మీరు అడగవచ్చు, కౌలు కాగితం చూపండి.

బోర్డు అనుమతి ఉందనే మాటకు భయపడకండి. అనుమతి అంటే షరతులకు లోబడి ఫ్యాక్టరీ నడపడానికి ఇచ్చింది, పక్కవాడి పంట కాల్చడానికి ఇచ్చింది కాదు. సెక్షన్ 17 ప్రకారం ప్రమాదవశాత్తు వదిలిన వాయువుకు ఫ్యాక్టరీ నిర్లక్ష్యం ఉందని మీరు నిరూపించక్కర్లేదు. 1985లో ఢిల్లీలో ఓలియం అనే గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ లీకైన కేసులోనే సుప్రీంకోర్టు ప్రమాదకర పదార్థాలతో పని చేసేవాళ్లకు ఈ బాధ్యత పెట్టింది. కానీ తప్పు చూపక్కర్లేదంటే సంబంధం చూపక్కర్లేదని కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ గొట్టం నుంచి వచ్చిన గ్యాసే మీ ఆకును కాల్చిందని చూపే బరువు మీదే. సాక్ష్య చట్టం నియమాలు ట్రిబ్యునల్‌ను కట్టడి చేయవు కాబట్టి కృషి విజ్ఞాన కేంద్రం రిపోర్టు, గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబ్ రిపోర్టు కూడా పెట్టుకోవచ్చు.

గెలుస్తామా అని అడిగారు. స్టార్టప్ రికార్డు 14వ తేదీతో కలిస్తే, కలుపు మొక్కల ఫొటోలు ఉంటే, పంట, రేకుల మీద మీ కేసు బాగుంది. నేల మీద మాత్రం నమూనాలు చూశాకే చెప్పగలను. అవి తీసేదాకా చేనులో సున్నం చల్లకండి, చల్లాక తీసిన మట్టి ఈ కేసుకు పనికిరాదు.