బ్రేక్‌కి మీరు వెళ్తున్నారు, పని కూడా మీ వెంట వస్తోంది

ప్రశ్న: అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినోత్సవమని మా ఆఫీసు పేజీలో "నిజమైన బ్రేక్ తీసుకోండి" అంటూ పోస్టు పెట్టారు. నేను బ్రేకులు మానడం లేదు. రాయదుర్గంలో కస్టమర్ సపోర్ట్‌లో టీమ్ లీడ్‌ని, నా కింద 12 మంది. ఉదయం 9.30 నుంచి 6.30 దాకా షిఫ్ట్. 15 నిమిషాల బ్రేకులు రెండు, లంచ్ అరగంట. పొద్దున టీ టీమ్ వాళ్లతోనే. లంచ్ ఎక్కువగా సీటు దగ్గరే. సాయంత్రం బ్రేక్‌లో కాసేపు ఫోన్ చూసుకుంటాను. అయినా నాలుగయ్యేసరికి తల దిమ్మెక్కుతోంది. మెట్రోలో హబ్సిగూడ చేరి ఇంటికెళ్లేసరికి ఏడున్నర దాటుతుంది. రెండో తరగతి చదివే బాబు హోంవర్క్ తెస్తే అరిచేస్తున్నాను. మొన్న వాడు "అమ్మా, ఇవాళ కోపంగా ఉన్నావా?" అని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సెలవు పెట్టమని మావారు అంటే రెండు రోజులు పెట్టాను. తిరిగి వెళ్లిన రెండో రోజుకే మళ్లీ అంతే. లోపం నాలోనే ఉందా?

జవాబు: కాగితం మీద మీకు రోజుకు 60 నిమిషాల విరామం ఉంది. అందులో పని మీ తలలో లేని నిమిషాలు ఎన్నో చూడండి. పొద్దున టీ దగ్గర టీమ్ వాళ్లతో మాట్లాడేది బహుశా కిందివాళ్లు తేల్చలేక మీ దాకా పంపిన పొద్దుటి ఎస్కలేషన్ గురించే. లంచ్‌లో చెయ్యి డబ్బా మీద, కన్ను తెర మీది కేసుల క్యూ మీద. సాయంత్రం ఫోన్ తెరిస్తే టీమ్ గ్రూపు అందులోనే ఉంది. కలిపితే అయిదు నిమిషాలు మిగిలినా గొప్పే. కాబట్టి లోపం మీలో వెతక్కండి, ఆ 60 నిమిషాలు ఎటు పోతున్నాయో వెతకండి.

సీటులోంచి లేచినంత మాత్రాన సగంలో ఉన్న పని మనసులోంచి లేవదు. ఒక పని ముగించకుండా ఇంకోదానికి వెళ్తే ధ్యాసలో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించి, దానికి 'అటెన్షన్ రెసిడ్యూ' అని పేరు పెట్టారు. టీమ్ లీడ్ పనిలో ఏదీ పూర్తిగా ముగియదు. రీఫండ్ ఒకరి దగ్గర ఆగి ఉంటుంది, కస్టమర్‌కి జవాబు ఇంకొకరు ఇవ్వాలి. అందుకే మీలాంటి వాళ్లకు బ్రేక్ అనేది లేచాక కాదు, లేచే ముందే మొదలవ్వాలి.

బ్రేక్‌కి రెండు నిమిషాల ముందు కాగితం మీద మూడు ముక్కలు రాయండి: పని ఎక్కడ ఆగింది, రాగానే చేయాల్సిన మొదటి పని ఏది, అప్పటిదాకా ఎవరు చూస్తారు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. "రీఫండ్ కేసు చూడాలి" అని రాసుకుంటే మనసుకి నమ్మకం కుదరదు, టీ తాగుతూ కూడా దాన్నే తిప్పుతుంటుంది. "రీఫండ్‌కి ఫైనాన్స్ ఆమోదం వచ్చిందో లేదో 4.20కి చూసి, రాకపోతే కస్టమర్‌కి 4.30 లోపు మెసేజ్" అని రాస్తే వదిలేస్తుంది. రాసే చోటు కాగితమే కావాలి. ఫోన్‌లో రాయబోతే గ్రూపులో వచ్చిన మెసేజ్ మిమ్మల్ని లాగేస్తుంది. బ్రేక్‌కి ముందున్న ఆఖరి అయిదు నిమిషాల్లో కొత్త ఎస్కలేషన్ ఎత్తుకోకండి. దాన్ని ఎలాగూ సగంలోనే వదిలి లేవాల్సి వస్తుంది.

మూడో ముక్క, అంటే ఎవరు చూస్తారన్నది, మీ ఒక్కరి చేతిలో లేదు. ఆఫీసు పోస్టు చెప్పని సంగతి కూడా ఇదే. పేజీలో బొమ్మ పెట్టడం తేలిక, రోస్టర్‌లో పేరు పెట్టడమే కష్టం. పక్క టీమ్ లీడ్ ఒకరితో మార్పిడి మాట్లాడుకోండి. 4.05 నుంచి 4.20 దాకా మీ వాళ్లను ఆవిడ చూస్తారు, 4.30 నుంచి 4.45 దాకా ఆవిడ వాళ్లను మీరు చూస్తారు. ఆ 15 నిమిషాల్లో మిమ్మల్ని పిలవాల్సిన సందర్భాలు రెండే అని ముందే తేల్చండి: సిస్టమ్ మొత్తం పడిపోయినప్పుడు, కస్టమర్ ప్రాణానికి ముప్పని ఎవరైనా చెప్పినప్పుడు. "అర్జెంట్ అయితే పిలవండి" అని వదిలేస్తే 12 మందికి 12 రకాల అర్జెంట్లు ఉంటాయి.

మేనేజర్‌కి దీన్ని అలసట గురించిన ఫిర్యాదులా కాకుండా ఏర్పాటులా చెప్పండి. "సర్, సోమవారం నుంచి నా రెండు బ్రేకులకూ పక్క టీమ్ లీడ్ కవర్ ఉంటారు, ఆవిడ బ్రేకులకు నేను ఉంటాను. టైములు రోస్టర్‌లో పెట్టాను. రెండు వారాలు నడిపి, పెండింగ్ ఎస్కలేషన్లు పెరిగాయో లేదో మీకు చూపిస్తాను" అని మెసేజ్ పెడితే చాలు. లెక్క చూపిస్తానంటే కాదనడం ఎవరికైనా కష్టం.

ఇక ఆ 15 నిమిషాల్లో ఏం చేయాలన్నది. అందరికీ ఒకే బ్రేక్ సరిపోదు. రోజంతా ఏది వాడారో దానికి విశ్రాంతి ఇవ్వాలి. ఎక్సెల్ ముందు ఒంటరిగా కూర్చునేవాళ్లకు నలుగురితో కబుర్లు బ్రేక్ అవుతాయి. మీరు పొద్దుటి నుంచి వినడం, సర్దిచెప్పడం, మర్యాదగా జవాబివ్వడం చేస్తున్నారు. కబుర్లు ఎంత సరదావైనా మీ చెవికీ నోటికీ అవి డ్యూటీనే. పైగా టీ కప్పు చుట్టూ పైవాళ్లను తిట్టుకోవడం ఆ పూటకు హాయిగా ఉంటుంది గానీ, కోపాన్ని మళ్లీ వెచ్చబెట్టి సీటుకి పంపుతుంది. టీమ్‌తో టీ పూర్తిగా మానేస్తే ముభావంగా ఉన్నారనుకుంటారు, అది ఇంకో తలనొప్పి. పొద్దుటి టీ వాళ్లతోనే తాగండి, కేసుల మాట మాత్రం వద్దని నవ్వుతూ చెప్పండి. సాయంత్రం 4.05 బ్రేక్ మాత్రం మౌనానికి ఉంచుకోండి.

ఆ 15లో వెళ్లడానికి రెండు, తిరిగి రావడానికి మూడు నిమిషాలు తీసేస్తే చేతిలో ఉండేది పదే. టీ క్యూలో నిలబడితే అందులో సగం పోతుంది. సీసాలో నీళ్లు పట్టుకుని ఆకాశం కనపడే చోటికి, లేదంటే చివరి కిటికీ దగ్గరికి వెళ్లండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా నడవండి, తర్వాత నిలబడి దూరంగా ఉన్న చెట్టునో భవనాన్నో చూడండి. పొద్దుటి నుంచి అడుగున్నర దూరంలోని తెరకు బిగుసుకున్న కంటి కండరం దూరం చూస్తేనే వదులవుతుంది. ధ్యానం చేయాలన్న పట్టుదల అక్కర్లేదు. మనసు ఆ రీఫండ్ కేసు వైపు వెళ్తే "కాగితం మీద ఉంది" అనుకుని మళ్లీ చెట్టు చూడండి. మొదటి మూడు నాలుగు రోజులు పది నిమిషాలూ విసుగ్గా, ఏదో తప్పు చేస్తున్నట్టుగా ఉంటుంది. పనిచేయడం లేదని అక్కడే వదిలేస్తుంటారు. ఆ విసుగు వచ్చిందంటే పని దూరమవుతున్నట్టే.

ఫోన్ సొరుగులో పెట్టి వెళ్లమంటే ఒప్పుకోరని తెలుసు, బాబు స్కూలు నుంచి ఫోన్ రావచ్చు. అలాగైతే డేటా ఆపేసి కాల్స్ మాత్రం ఉంచండి. 2019లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పజిళ్లు చేస్తున్నవాళ్లకు మధ్యలో విరామం ఇచ్చి చూశారు. విరామాన్ని ఫోన్‌తో గడిపినవాళ్లు మిగతావాళ్లకంటే తర్వాతి పజిళ్లకు ఎక్కువ సమయం తీసుకుని, తక్కువ పూర్తి చేశారు. రీల్స్ చూసి నవ్వుకున్నా మెడ వంగేది అదే కోణంలో, కన్ను పనిచేసేది అదే దూరంలో.

లంచ్ గురించి ఒక్కటే మాట. డబ్బా సీటు దగ్గర తెరవకండి. పక్క టీమ్ లీడ్‌తో కవర్ కుదరని రోజున కనీసం స్టేటస్ 'బ్రేక్'లో పెట్టి, తెర వైపు వీపు పెట్టి తినండి.

ఇప్పుడు బాబు సంగతి. ఆఫీసు నుంచి ఇంటికి మీకు గంట ప్రయాణం ఉంది, ఆ గంటా గ్రూపుకే పోతున్నట్టుంది. దాన్ని అమీర్‌పేట దగ్గర కోసేయండి. రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా మిగిలిన మెసేజ్‌లు చూసుకోండి, రేపటి మొదటి పని కాగితం మీద రాయండి. అమీర్‌పేట దాటాక బేగంపేట నుంచి తార్నాక దాకా ఫోన్ సంచిలో ఉండాలి. కూర్చోవడానికి చోటు దొరికితే కళ్లు మూసుకోండి, దొరక్కపోతే కిటికీలోంచి చూడండి. ఇంట్లో కాలు పెట్టాక పావుగంట దాకా హోంవర్క్ మాట రాకూడదని మీవారితో, బాబుతో ఒప్పందం చేసుకోండి. స్నానం, ఒక గ్లాసు మజ్జిగ, తర్వాత పుస్తకం. ఆకలితో, చెమటతో కూర్చుని లెక్కలు చెప్తే ఎవరికైనా గొంతు లేస్తుంది. మీవారు వారంలో రెండు రోజులు హోంవర్క్ తీసుకోగలరేమో అడగండి. సెలవు పెట్టమని చెప్పేకంటే అది ఎక్కువ సాయం.

అరిచిన రోజు బాబుకి క్షమాపణ పొడుగ్గా వద్దు. "గట్టిగా అరిచాను, తప్పు నాది. ఆఫీసులో అలిసిపోయాను, నువ్వేం చేయలేదు" అంటే చాలు. "నువ్వు అలా చేయకపోతే నేను అరిచేదాన్ని కాదు" అనే తోక దానికి తగిలించకండి. ఏడేళ్ల పిల్లాడికి వినపడేది ఆ తోక ఒక్కటే.

సెలవు ఎందుకు పనిచేయలేదంటారా, రెండు రోజుల తర్వాత మీరు తిరిగి వెళ్లింది అదే రోస్టర్‌కి. ముందు పైన చెప్పినవి మూడు వారాలు నడపండి. సాయంత్రం బ్రేక్‌కి ముందు ఒకసారి, ఇంటి గుమ్మం ఎక్కేటప్పుడు ఒకసారి తల బరువుకి 0 నుంచి 10లో ఒక అంకె రాయండి. బ్రేక్ దక్కని రోజుకి పక్కన గీత పెట్టండి. దక్కిన రోజుల్లో గుమ్మం దగ్గరి అంకె తగ్గి, గీత ఉన్న రోజుల్లో పెరుగుతుంటే దారి సరైనదే. గీతలే ఎక్కువగా ఉంటే మేనేజర్‌కి చూపించాల్సింది ఆ కాగితమే.

బ్రేకులు బాగానే దక్కినా అంకె దిగకపోతే సమస్య బ్రేకుది కాదు. పనే మోయలేనంత ఉండొచ్చు. వదలని అలసట, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన, ఈ మూడింటినీ కలిపే ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్ అంటోంది. దానికి బ్రేకులు ఒక్కటే చాలవు, పని భారం కూడా తగ్గాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా ఒకసారి చేయించండి. ఆ రెండింటిలో తేడా వచ్చినా అచ్చం ఇలాంటి అలసటే ఉంటుంది. రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, ఇష్టమైనవేవీ ఇష్టం అనిపించకపోయినా, నిద్ర, ఆకలి మారినా మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ మూడు వారాల లెక్క పక్కన పెట్టి, అప్పుడే ఇంట్లోవాళ్లకు చెప్పండి, టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.