షాపు మూసేశాం, జీఎస్టీ నంబరు ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నరసరావుపేటలో చిన్న ఫ్యాన్సీ అండ్ జనరల్ స్టోర్. జీఎస్టీ నా పేరు మీదే ఉంది, మూడు నెలలకోసారి రిటర్న్ వేస్తాం. మావారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక నడపలేక ఈ జనవరి 31న షట్టర్ దించేశాం. సరుకు, ఒక ఫ్రీజర్ ఇంకా షాపులోనే ఉన్నాయి. ఫిబ్రవరి నెలాఖరుకి ఖాళీ చేయాలి. లెక్కలు రాసే అబ్బాయి "రిటర్నులు వేయడం మానేయండి, ఆరు నెలలకి వాళ్లే క్యాన్సిల్ చేస్తారు" అంటున్నాడు. క్రెడిట్ లెడ్జర్‌లో తొమ్మిది వేలు ఉన్నాయి, అవి వెనక్కి వస్తాయా? ఫైనల్ రిటర్న్ అంటే ఏమిటి? సరుకు లిస్టు జత చేశాను.

జవాబు: అమ్మా, ముందు ఆ అబ్బాయి మాట పక్కన పెట్టండి. రిటర్నులు ఆపేస్తే అధికారి రిజిస్ట్రేషన్ రద్దు చేయొచ్చన్నది నిజమే, జీఎస్టీ చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. కానీ అలా రద్దయినంత మాత్రాన మీ బాధ్యత తీరదు. వేయని ప్రతి రిటర్న్‌కీ లేట్ ఫీజు పెరుగుతుంది, నోటీసులు వస్తాయి, చివరికి ఫైనల్ రిటర్న్ ఎలాగూ వేయాల్సిందే. మీరే దరఖాస్తు పెట్టుకుంటే తేదీ మీ చేతిలో ఉంటుంది. మీ విషయంలో ఆ తేదీ మీదే డబ్బు ఆధారపడి ఉంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

రిజిస్ట్రేషన్ రద్దయ్యే తేదీకి ముందు రోజున మీ దగ్గర ఎంత సరుకు మిగిలి ఉందో, దాని మీద మీరు వాడుకున్న క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టి, మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకున్న పన్ను, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. లేదా ఆ సరుకు అమ్మితే పడే పన్ను కట్టాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అదే కట్టాలని 29(5) చెబుతోంది. మామూలు రోజుల్లో ఈ రెండు అంకెలకీ పెద్ద తేడా ఉండదు. ఇప్పుడు ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, తల నూనెల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. అంతకుముందు 18 శాతం పన్ను కట్టి కొన్న సరుకు మీ షెల్ఫుల్లో ఇంకా ఉంది.

మీ లిస్టునే తీసుకుందాం. ఫిబ్రవరి 28వ తేదీతో రద్దు కోరారు, అప్పటికి సరుకంతా అలాగే ఉంది అనుకోండి. సెప్టెంబర్ 22కి ముందు కొన్న సబ్బులు, షాంపూలు పన్ను కాకుండా 40,000 రూపాయలవి. వాటి మీద మీరు తీసుకున్న క్రెడిట్ 7,200. ఈ రోజు 44,000కి అమ్మినా 5 శాతం చొప్పున పన్ను 2,200 మాత్రమే. కానీ ఎక్కువైనదే కట్టాలి కాబట్టి 7,200 కట్టాలి. ఆ తర్వాత కొన్న అలాంటి సరుకే 30,000కి ఉంది. దాని మీద క్రెడిట్ 1,500, ఈనాటి ధర 33,000 మీద పన్ను 1,650. ఇక్కడ 1,650 కట్టాలి. డిటర్జెంట్ పౌడర్ మీద రేటు మారలేదు, ఇప్పటికీ 18 శాతమే. 20,000 సరుకు మీద క్రెడిట్ 3,600, బజారు ధర 22,000 మీద పన్ను 3,960. కాబట్టి 3,960.

ఫ్రీజర్ లెక్క వేరు. దాన్ని సరుకులా చూడరు. దాని ఆయుష్షు అయిదేళ్లు, అంటే 60 నెలలు అని రూల్ 44 అనుకుంటుంది. మీరు 2023 ఏప్రిల్ 10న 30,000కి కొని 5,400 క్రెడిట్ తీసుకున్నారు. ఫిబ్రవరి నెలాఖరుకి 34 నెలలు దాటి కొన్ని రోజులు అవుతుంది. మిగిలినవి 25 పూర్తి నెలలు, పై రోజులు వదిలేస్తారు. 5,400ని 60తో భాగించి 25తో గుణిస్తే 2,250. ఫ్రీజర్‌ని 10,000కి ఇచ్చేస్తే పన్ను 1,800 అవుతుంది, అది తక్కువ కాబట్టి 2,250 నిలుస్తుంది.

మొత్తం 15,060. సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. మీ లెడ్జర్‌లోని 9,000 క్రెడిట్ దీనికి సర్దుకుంటే ఇంకా 6,060 చేతి నుంచి కట్టాలి.

ఇప్పుడు పాత సబ్బుల సంగతికి మళ్లీ రండి. వాటిని రద్దు తేదీకి ముందే బిల్లు వేసి అమ్మేశారనుకోండి. లాభం లేకుండా, కొన్న ధరకన్నా తగ్గించి 35,000కే ఇచ్చేశారనుకుందాం. పన్ను 1,750. అంతే. అమ్మిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వనక్కర్లేదు, ఎందుకంటే ఆ సరుకు పన్ను కట్టి అమ్ముడైపోయింది. నష్టానికి అమ్మినా అంతే. 7,200 బదులు 1,750, తేడా 5,450 రూపాయలు. ధర తగ్గించినందుకు పోయేది ఎలాగూ పోతుంది, కనీసం పన్ను దగ్గర పోకూడదు కదా.

జనవరి 31నే మూసేశాం కదా, ఇప్పుడు అమ్మడం తప్పు కాదా అని మీకు అనిపించొచ్చు. తప్పు కాదు. వ్యాపారం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(17)లో, వ్యాపారం మూసే సందర్భంలో చేసే అమ్మకాలు కూడా వ్యాపారమేనని స్పష్టంగా ఉంది. మీరు షట్టర్ దించారు, సరుకు షాపులోనే ఉంది, రిజిస్ట్రేషన్ ఇంకా బతికే ఉంది. కాబట్టి ఈ రెండు వారాల్లో పక్క బజారులో జీఎస్టీ ఉన్న షాపు వాళ్లను అడగండి. వాళ్ల జీఎస్టీ నంబరు వేసి బిల్లు ఇస్తే ఆ 5 శాతం వాళ్లకు క్రెడిట్ అవుతుంది, మీకూ బేరం సులువవుతుంది. చిల్లరగా అమ్మినా బిల్లు తప్పనిసరి. బిల్లు లేకుండా అమ్మేసి స్టాకు సున్నా అని చూపించాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. మీరు ఎంత కొన్నారో సరఫరాదారుల రిటర్నుల ద్వారా పోర్టల్‌లో ఉంటుంది, ఎంత అమ్మారో మీ రిటర్నుల్లో ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

దరఖాస్తు పేరు GST REG-16. gst.gov.in లో లాగిన్ అయ్యాక Services, Registration, అందులో Application for Cancellation of Registration. కారణంగా వ్యాపారం మూసేయడాన్ని ఎంచుకుని, రద్దు తేదీ ఫిబ్రవరి 28 వేయండి. వ్యాపారం ఆగిన 30 రోజుల్లోపు ఈ దరఖాస్తు పెట్టాలి. అమ్మకాలు పూర్తిగా ముగిశాకే పెట్టండి, తొందరపడి ముందే వద్దు. ఎందుకంటే దరఖాస్తు పెట్టిన తేదీ, రద్దు కోరిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే ఆ రోజు నుంచి రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయినట్టే లెక్క. ఆ తర్వాత ఒక్క సబ్బు కూడా పన్ను వేసి అమ్మకూడదు.

అదే ఫారంలో మిగిలిన సరుకు విలువ, దాని మీద పన్ను అడుగుతుంది. అక్కడ కట్టింది ఫైనల్ రిటర్న్‌లో కట్టినట్టుగా కనిపిస్తుంది, రెండుసార్లు కట్టనక్కర్లేదు. కానీ రెండు చోట్లా అంకెలు కలవాలి. అధికారి సాధారణంగా 30 రోజుల్లో GST REG-19 అనే ఫారంలో రద్దు ఉత్తర్వు ఇవ్వాలి. రద్దయ్యింది ఫిబ్రవరి చివరే అయినా జనవరి-మార్చి త్రైమాసికం రిటర్నులు మీరు మామూలుగానే వేయాలి. ఫిబ్రవరిలో అమ్మింది అందులోనే చూపిస్తారు.

ఇక మీరడిగిన ఫైనల్ రిటర్న్. దాని పేరు GSTR-10. ఆ త్రైమాసికం రిటర్న్‌కీ దీనికీ సంబంధం లేదు, ఇది ఇంకొకటి. చాలామంది మామూలుగా వేసే GSTR-3B రిటర్నుల్లో చివరిదాన్నే ఫైనల్ రిటర్న్ అనుకుని ఊరుకుంటారు. రద్దు తేదీ, ఉత్తర్వు తేదీ, వీటిలో తర్వాతి దాని నుంచి మూడు నెలల్లోపు ఇది వేయాలి. ఉత్తర్వు మార్చి 20న వస్తే గడువు జూన్ 20. దాటితే రోజుకు 200 రూపాయల చొప్పున గరిష్ఠంగా 10,000 వరకు లేట్ ఫీజు. సరుకంతా అమ్మేసి మిగిలింది సున్నా అయినా సరే, సున్నా చూపిస్తూ వేయాల్సిందే. వేశాక మార్చడం కుదరదు కాబట్టి సమర్పించే ముందు ప్రివ్యూ ఒకసారి మీరే చదవండి. మిగిలిన సరుకు, ఫ్రీజర్ వివరాలు కొనుగోలు బిల్లు నంబర్లతో ఇవ్వాలి. బిల్లు పోయిన సరుకు ఏమైనా ఉంటే దాని బజారు ధర మీద లెక్కగట్టి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ జత చేయాలి. ఆ ఫీజు కంటే బీరువాలో వెతుక్కోవడం నయం.

మూడేళ్ల కిందట ఒక చీరల కొట్టు ఆయన నా దగ్గరికి వచ్చారు. రద్దు ఉత్తర్వుని లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టుకున్నారు. దాని కిందే 62వ సెక్షన్ కింద అధికారి అంచనా వేసి పన్ను కట్టమన్న ఉత్తర్వు ఉంది. GSTR-10 వేయలేదు. వేయమని వచ్చిన నోటీసు ఆయన చూడలేదు, ఎందుకంటే పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ రెండూ ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన గుమాస్తావి. పాపం ఆయన పన్ను ఎగ్గొట్టిన మనిషి కాదు. ఆ రిటర్న్ వేయించి, లేట్ ఫీజు కట్టించి, ఆ ఉత్తర్వు తొలగించుకోవడానికి నెలలు పట్టింది. మీ రిజిస్ట్రేషన్‌లో ఎవరి నంబరు ఉందో ఈ రోజే చూడండి. ఆ అబ్బాయిదే అయితే దరఖాస్తు పెట్టేముందే మీది గానీ మీవారిది గానీ పెట్టించుకోండి. ఫారంలో ఇకపై ఉత్తరాలు ఏ చిరునామాకి రావాలని అడిగిన చోట ఇంటి అడ్రస్ ఇవ్వండి, ఖాళీ చేసే షాపుది కాదు.

తొమ్మిది వేల సంగతి. క్రెడిట్ లెడ్జర్‌లోది డబ్బుగా చేతికి రాదు. ఫిబ్రవరి అమ్మకాల పన్నుకీ, మిగిలిన సరుకు మీద కట్టాల్సిన దానికీ మాత్రమే సర్దుకోవచ్చు, మిగిలితే పోయినట్టే. పాత సరుకు బిల్లుతో అమ్మమని చెప్పడానికి ఇదీ ఒక కారణమే, ఆ పన్ను ఈ తొమ్మిది వేలలోంచే వెళ్తుంది. క్యాష్ లెడ్జర్ వేరు. చలానాతో ఎక్కువ కట్టిన సొమ్ము అందులో ఉంటే, ఫైనల్ రిటర్న్ వేశాక RFD-01 లో రీఫండ్ అడగండి, అది మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా మూసేయాలనుకుంటే ఆ రీఫండ్ పడ్డాకే మూయండి. కొనుగోలు, అమ్మకం బిల్లులు మాత్రం ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు నుంచి ఆరేళ్లపాటు దాచాలి. షాపు ఖాళీ చేసేటప్పుడు పాత పుస్తకాలు చిత్తు కాగితాల వాడికి వేయకుండా చూసుకోండి.